వంద ఎంబీపీఎస్ ఉన్నా ఆట ఎందుకు బిగుసుకుపోతుంది?

మా మేనల్లుడు మేడ మీద గదిలో ల్యాప్‌టాప్‌ మీద క్లౌడ్ గేమ్ ఆడతాడు. అంటే ఆట ఎక్కడో దూరపు సర్వర్‌లో నడుస్తుంది, బొమ్మ మాత్రం ఇంటర్నెట్ మీద ఇంటికి వస్తుంది. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్, స్పీడ్ టెస్ట్ పెడితే 90 పైనే చూపిస్తుంది. అయినా సరిగ్గా కారు మలుపు తిరిగేటప్పుడే బొమ్మ బిగుసుకుపోతుంది. "మామయ్యా, 300 ప్లాన్‌కి మారిపోదాం" అని ఒకటే పోరు.

ఎన్విడియా వారి క్లౌడ్ గేమ్ సేవ జీఫోర్స్ నౌ, 1080పి బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పంపడానికి అడిగేది 25 ఎంబీపీఎస్ మాత్రమే. లెక్క వేస్తే ఒక్కో ఫ్రేము 50 కిలోబైట్ల పైచిలుకు, అంటే ప్యాకెట్లనే చిన్న డేటా ముక్కలు దాదాపు 40. అవన్నీ దాదాపు 17 మిల్లీసెకన్లకో విడత చొప్పున క్రమం తప్పకుండా చేరాలి. సినిమాకైతే ఈ తొందర లేదు, కొన్ని సెకన్ల వీడియో ముందే దాచుకుంటుంది. ఆటలో ఆ వీలు లేదు. వాడు ఏ బటన్ నొక్కుతాడో తెలిసేదాకా తర్వాతి ఫ్రేము ఎలా ఉండాలో తేలదు.

వైఫైలో ఒక చానెల్ మీద మామూలుగా ఒకసారికి ఒకరే మాట్లాడాలి. పక్కింటి రౌటర్ అదే చానెల్‌లో ఉంటే దాని వంతు అయ్యేదాకా మనది ఆగాలి. గోడల మధ్య ప్యాకెట్ చెడితే మళ్ళీ పంపాలి. ఇలా 50 మిల్లీసెకన్లు పోతే మూడు ఫ్రేములు ఆలస్యమైనట్టే. స్పీడ్ టెస్ట్ సగటు చెబుతుంది కాబట్టి ఈ కుదుపు అందులో కనిపించదు. అది పట్టుకోవాలంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో మన రౌటర్‌నే పలకరించాలి (చిరునామా మీ ఇంట్లో వేరుగా ఉండొచ్చు):

```
ping -n 100 192.168.1.1
```

మా మేడ మీద జవాబుకు 2, 3, 2 మిల్లీసెకన్లు అని వస్తూ వస్తూ ఉన్నట్టుండి 84 వచ్చింది. అంటే తప్పు బయటి లైనుది కాదు, ఇంట్లోదే. మెట్ల పక్కగా క్యాట్ 5ఈ కేబుల్ లాగాక నూటికి నూరుసార్లూ `time<1ms`. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. విండోస్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 100 అని మాత్రమే కనిపిస్తే, రౌటర్ పోర్టు పాతదైనా కావాలి, కేబుల్‌లోని నాలుగు జతల తీగల్లో ఏదో సరిగా తగలకపోయైనా ఉండాలి.

అయితే కేబుల్ పనితనం రౌటర్ దాకానే. అక్క ఆఫీసు మీటింగులో స్క్రీన్ షేర్ చేస్తుంటే ఓ రోజు మాట తెగింది. కదలని స్లైడుకు జూమ్‌కి కావాల్సింది 50 నుంచి 75 కేబీపీఎస్, అంటే చాలా కొద్ది. కానీ అదే సమయానికి ఫోన్ పెళ్ళి వీడియోలను బ్యాకప్‌కి ఎక్కిస్తోంది. అప్‌లోడ్ దారి నిండిపోయి, స్లైడ్ ప్యాకెట్లు రౌటర్‌లో ఆ క్యూ వెనక నిలబడ్డాయి. బయట ఉన్న గూగుల్ సర్వర్‌ను `ping 8.8.8.8` అని పలకరిస్తే, బ్యాకప్ నడిచేటప్పుడు వందల మిల్లీసెకన్లు, ఆపగానే ఇరవైల్లోకి. కొన్ని రౌటర్లలో క్యూఓఎస్ అనే చోట అప్‌లోడ్‌ను ప్లాన్ కంటే కాస్త తక్కువకు కట్టేస్తే క్యూ అంతగా పేరుకోదు. మా రౌటర్‌లో అది లేదు. అందుకని బ్యాకప్‌ను అర్ధరాత్రికి మార్చాం.