133 మెగాబైట్లు ఎక్కడికి పోయాయి? బస్ టైమింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: బస్ వెడల్పును క్లాక్‌తో గుణిస్తే బ్యాండ్‌విడ్త్ వచ్చేసినట్టే.

మాదాపూర్‌లో ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసేటప్పుడు కంప్యూటర్‌లో చిప్‌ల మధ్య డేటా మోసే పాత పీసీఐ బస్ గురించి అడుగుతుంటాను. 32 బిట్లు, 33 మెగాహెర్ట్జ్ అనగానే "సెకనుకు 133 మెగాబైట్లు సర్" అని ఠక్కున చెప్పేస్తారు. గుణకారంలో తప్పేమీ లేదు. కాకపోతే ప్రతి క్లాక్‌లోనూ డేటా కదిలితేనే ఆ అంకె నిజం.

ఒక్క వర్డ్, అంటే 4 బైట్లు చదవాలనుకుందాం. మొదటి క్లాక్‌లో అడ్రస్ వెళ్తుంది. డేటా తిరిగి రావాల్సింది కూడా ఆ వైర్ల మీదే కాబట్టి, రెండు చిప్‌లు ఒకేసారి వాటిని డ్రైవ్ చేయకుండా ఒక క్లాక్ ఖాళీగా వదలాలి. మూడో క్లాక్‌లో డేటా వస్తుంది, నాలుగోది మళ్లీ ఖాళీ. క్లాక్‌కు 30 నానోసెకన్లు. అంటే 120 నానోసెకన్లకు వచ్చింది 4 బైట్లు. సెకనుకు 33 మెగాబైట్లే. అదే అడ్రస్ ఒక్కసారే పంపి 8 వర్డ్‌లను వరుసగా, ఒకే బర్స్ట్‌లో తెచ్చుకుంటే 11 క్లాక్‌లలో 32 బైట్లు వస్తాయి, వేగం 97కి చేరుతుంది. బస్ నెమ్మదిగా ఉందని ఎవరైనా అంటే నేను ముందు చూసేది బర్స్ట్ పొడవే.

అపోహ: క్లాక్ ప్రకారం నడిచే సింక్రనస్ బస్‌కు, సిద్ధమని రెండు వైపులా చెప్పుకునే హ్యాండ్‌షేక్ ఉండదు.

ఉంటుంది. పీసీఐలోనే డేటా అడిగే మాస్టర్ సిద్ధమైతే IRDY#, జవాబిచ్చే టార్గెట్ సిద్ధమైతే TRDY# సిగ్నల్ కిందికి వస్తాయి. క్లాక్ ఎడ్జ్ దగ్గర రెండూ కిందే ఉంటేనే డేటా కదిలినట్టు, లేదంటే ఆ క్లాక్ వృథా. పై ఒక్క వర్డ్ రీడ్‌లో టార్గెట్ నాలుగు క్లాక్‌లు ఆలస్యం చేస్తే 33 కాస్తా సగానికి పడిపోతుంది.

అపోహ: క్లాక్ కోసం ఎదురుచూడదు కాబట్టి అసింక్రనస్ బస్సే వేగం.

62 నానోసెకన్లలో జవాబిచ్చే మెమరీకి 30 నానోసెకన్ల క్లాక్ పెడితే మూడు క్లాక్‌లు, అంటే 90 నానోసెకన్లు ఆగాలి. అసింక్రనస్‌లో ఈ నష్టం లేదు, నిజమే. కానీ రిక్వెస్ట్ పైకి, అక్నాలెడ్జ్ పైకి, రిక్వెస్ట్ కిందికి, అక్నాలెడ్జ్ కిందికి: నాలుగుసార్లు సిగ్నల్ వైరంతా ప్రయాణించాలి. ఒక వైపు 10 నానోసెకన్లు పట్టే కేబుల్ అయితే ప్రయాణానికే 40. మెమరీ సమయం కలిపితే 102, సింక్రనస్ కంటే ఎక్కువే! వైర్ పొట్టిగా ఉంటే లెక్క తిరగబడుతుంది.

అసలు టెన్షన్ వేరే ఉంది. మోటరోలా 68000 ప్రాసెసర్ బస్ అసింక్రనస్. ఏ చిప్పూ లేని అడ్రస్‌ను చదివితే డేటా సిద్ధమని చెప్పే DTACK సిగ్నల్ ఎవరూ ఇవ్వరు, ప్రాసెసర్ వెయిట్ స్టేట్‌లు వేసుకుంటూ అలాగే ఉండిపోతుంది. లాజిక్ ఎనలైజర్‌లో, అడ్రస్ పెట్టానని ప్రాసెసర్ చెప్పే AS కిందే, DTACK పైనే గీత గీసినట్టు కనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు. అందుకే బోర్డులో ఒక వాచ్‌డాగ్ టైమర్ పెట్టి, గడువు దాటితే బస్ ఎర్రర్ సిగ్నల్ BERRను కిందికి లాగేలా చేస్తారు. అప్పుడు ప్రాసెసర్ బస్ ఎర్రర్ ఎక్సెప్షన్‌లోకి వెళ్తుంది, ఏ అడ్రస్ దగ్గర ఆగిందో స్టాక్‌లో దొరుకుతుంది.