గర్భసంచి ఆపరేషన్ల గొడవ: దారి తప్పింది స్కాన్ దగ్గరే

గర్భసంచి తీసేసే ఆపరేషన్లు అవసరం లేకుండానే చేస్తున్నారని మళ్లీ చర్చ మొదలైంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8 శాతం దాటారు. ఈ లెక్కలు చాలాసార్లు చెప్పుకున్నవే.

అసలు మలుపు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీతో వచ్చింది. ప్యాకేజీలో ఆపరేషన్‌కు డబ్బు వస్తుంది. అసలు కారణం కనుక్కోవడానికి చేసే పరీక్షలకు, నెలల తరబడి మందులకు దాదాపు ఏమీ రాదు. తర్వాత ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆస్పత్రుల నుంచి తప్పించింది గానీ, అప్పటికే అలవాటు పాతుకుపోయింది. ఆడవాళ్లే తీసేయమని అడుగుతున్నారని డాక్టర్లు అంటారు. అడిగేవాళ్లు ఉన్న మాట నిజమే, కాకపోతే వాళ్ల ముందు ఇంకో దారి పెట్టిందెవరు?

38 ఏళ్ల కూలీ ఒకామె అనుకుందాం. నెలసరి ఎనిమిది రోజులు ఉంటోంది. రక్తం గడ్డలు గడ్డలుగా పడుతోంది, గంటకో ప్యాడ్ మార్చాలి, రాత్రి కూడా లేవాలి. రెండు మెట్లెక్కితే ఆయాసం. స్కాన్‌లో గర్భసంచిలో 3 సెంటీమీటర్ల కండ గడ్డ, అంటే ఫైబ్రాయిడ్, కనపడగానే "ఇదే కారణం, తీసేద్దాం" అంటారు. కానీ ఫైబ్రాయిడ్ సైజు కన్నా అది ఉన్న చోటు ముఖ్యం. లోపలి పొరలోకి పొడుచుకొస్తే చిన్నదైనా రక్తం బాగా పోతుంది. బయటి గోడకు ఉంటే సాధారణంగా బ్లీడింగ్‌కు కారణం కాదు. ఈమెది బయటి గోడకే ఉంది.

అప్పుడు చూడాల్సింది వేరే. ముందు గర్భం లేదని తేల్చుకోవాలి. నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చి ఒక్కసారిగా ముంచెత్తుతుంటే అండం సరిగా విడుదల కావడం లేదేమో, పీసీఓఎస్ ఏమో చూస్తారు. బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. మొదటి నెలసరి నుంచే ఇంతైతే, పళ్లు తీయించుకున్నప్పుడూ రక్తం ఆగకపోయి ఉంటే, రక్తం గడ్డకట్టే లోపం ఉందేమో పరీక్షించాలి. 45 దాటినవాళ్లకు, లావుగా ఉండి నెలసరి గతి తప్పినవాళ్లకు గర్భసంచి లోపలి పొర బయాప్సీ తప్పనిసరిగా ఆలోచించాలి.

ఈమె హిమోగ్లోబిన్ 7.8. 12 ఉండాలి, 8 కన్నా తగ్గితే తీవ్ర రక్తహీనత. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నీరసం తగ్గకపోతే ఫెరిటిన్ చూడాలి, ఎందుకంటే ఐరన్ నిల్వలు ముందే అడుగంటుతాయి.

2023లో సుప్రీంకోర్టు అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. మందులు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ పనిచేయనివాళ్లకు ఆపరేషన్ సరైనదే కావచ్చు. ప్యాడ్ గంటకొకటి చొప్పున రెండు గంటలకు పైగా తడుస్తూ కళ్లు తిరుగుతుంటే మాత్రం ఏ చర్చా అక్కర్లేదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం ఆగాక, హిమోగ్లోబిన్ 12 చేరినా ఐరన్ మాత్రలు ఇంకో మూడు నెలలు వాడాలి. చాలామంది ఆపేసేది అక్కడే.