బయటి నుంచి చూస్తే కెమెరా ఆగి ఆగి వస్తోందా? అపోహలు - వాస్తవాలు

కెమెరాలు బిగించే పనిలో నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "ఇంట్లో ఉన్నప్పుడు బాగానే కనిపిస్తుందండీ, బయటికెళ్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది."

అపోహ: నెట్ 100 ఎంబీపీఎస్. తప్పు కెమెరాదే.

ఆ 100 డౌన్‌లోడ్. మీరు బయట నుంచి చూస్తున్నప్పుడు వీడియో ఇంట్లోంచి బయటికి రావాలి, అంటే అప్‌లోడ్ మీద నడుస్తుంది. కొన్ని కనెక్షన్లలో అది డౌన్‌లోడ్ కంటే చాలా తక్కువ. ఇంటి వైఫై మీద స్పీడ్ టెస్ట్ పెట్టి రెండో అంకె చూడండి. ఈమధ్య ఒకరింట్లో అది 5 ఉంది. నాలుగు కెమెరాలు, ఒక్కొక్కటి 4 ఎంబీపీఎస్. నాలుగూ కలిపి 16 పంపాలి, దారి 5కే ఉంది. బొమ్మ మీద కెమెరా వేసే టైమ్‌ను గమనిస్తే, 41, 42 అని నడిచి, కాసేపు ఆగి, ఒక్కసారిగా 49కి దూకుతోంది.

అపోహ: రిజల్యూషన్ తగ్గిస్తే చాలు.

ఆ ఇంటాయన అదే చేశారు. 4 మెగాపిక్సెల్‌ను 2కి దించారు, ఏం మారలేదు. లైన్ మీద పడే బరువు బిట్ రేట్‌ది, అంటే కెమెరా సెకనుకు పంపే డేటాది. అది 4096 కేబీపీఎస్ దగ్గర స్థిరంగా ఉంటే రిజల్యూషన్ ఎంత తగ్గించినా అంతే డేటా వెళ్తుంది. పైగా రికార్డింగ్ పాడైంది, ఎందుకంటే ఆయన మార్చింది మెయిన్ స్ట్రీమ్. మామూలుగా హార్డ్ డిస్క్‌లోకి వెళ్లేది అదే.

నేను మెయిన్‌ను మళ్లీ 4 మెగాపిక్సెల్‌కే పెట్టి, అదే కెమెరా విడిగా పంపే చిన్న వీడియో, అంటే సబ్ స్ట్రీమ్ ముట్టుకున్నాను. ఒక్కో కెమెరాకు ఇలా:

```
Resolution        640x360
Frame Rate        12
Max Bitrate       512 Kbps
I Frame Interval  24
```

నాలుగూ కలిపినా సుమారు 2 ఎంబీపీఎస్ మాత్రమే. యాప్‌లో కూడా సబ్ స్ట్రీమ్ ఎంచుకోవాలి (కొన్నిట్లో ఎస్‌డీ అని ఉంటుంది). ఒక కెమెరాను పెద్దది చేయగానే మెయిన్‌కు మారిపోయే యాప్‌లున్నాయి, అదొక తలనొప్పి. మారినా ఒక్కటే అయితే 4 ఎంబీపీఎస్, 5లో అంచున సరిపోతుంది. అదే సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే మళ్లీ ఆగుతుంది.

అపోహ: ఐ ఫ్రేమ్ ఇంటర్వెల్ ఎంత పెంచితే అంత మంచిది.

డేటా కొంత తగ్గే మాట నిజమే. కానీ పూర్తి బొమ్మ ఐ ఫ్రేమ్‌లోనే వస్తుంది, మిగతావి మార్పులు మాత్రమే. సెకనుకు 12 ఫ్రేముల దగ్గర 24 పెడితే ప్రతి 2 సెకన్లకు ఒక పూర్తి బొమ్మ. 120 పెడితే తెరవగానే 10 సెకన్ల దాకా నల్ల తెర చూడాల్సి రావచ్చు. అది చూసి జనం నెట్‌ను తిడతారు.

అపోహ: హెచ్.265 పెడితే అన్నీ తీరిపోతాయి.

ఇది వీడియోను కుదించే కొత్త పద్ధతి, పాతది హెచ్.264. అదే నాణ్యతకు బిట్ రేట్ దాదాపు సగానికి తగ్గించుకోవచ్చు, ఆ అంకెను మీరే దించితే. పాత ఫోన్లలో మాత్రం అది తడబడుతుంది. అందుకే సబ్ స్ట్రీమ్‌ను నేను హెచ్.264లోనే ఉంచుతాను.