అపోహలు - వాస్తవాలు: అర్థం చూశారు సరే, బ్రాకెట్లో ఏముందో చూశారా?

పై చదువులకు విదేశాలకు వెళ్లేవాళ్ల అప్లికేషన్ లెటర్లు దిద్దడం నా పని. తప్పు చూపించిన ప్రతిసారీ వినపడే మాట ఒకటే: "అర్థం చూసే రాశానండీ." నిజమే, డిక్షనరీలో అర్థం చూస్తారు. దానికి ముందు బ్రాకెట్లో వాలుగా ఉండే చిన్న అక్షరాలను మాత్రం దాటేస్తారు. ఆ మాటను ఎవరి దగ్గర, ఎలాంటి చోట వాడొచ్చో చెప్పేది ఆ అక్షరాలే. వాటినే లేబుల్ అంటారు.

అపోహ: అఫెన్సివ్ అంటే బూతు. మన మనసులో చెడు లేకపోతే పర్లేదు.

ఎక్కువ మందిని దెబ్బ తీసేది ఇదే. కొన్ని ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీల్లో డెరోగేటరీ, అఫెన్సివ్ అని రెండు వేర్వేరు లేబుళ్లు ఉంటాయి. మొదటిది అనేవాడి ఉద్దేశం గురించి: కించపరచడానికే వాడే మాట. రెండోది వినేవాడి గురించి: మీరు ఏ ఉద్దేశంతో అన్నా అవతలి మనిషికి గుచ్చుకునే మాట. అంటే మంచి మనసు అఫెన్సివ్ లేబుల్‌ను చెరిపేయలేదు.

ఆరేళ్లు బధిర పిల్లలకు చదువు చెప్పిన టీచరమ్మ ఒకావిడ నా దగ్గరికొచ్చారు. బ్రిటన్‌లో స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సుకు లెటరు. మొదటి పేరాలోనే "డెఫ్ అండ్ డంబ్ చిల్డ్రన్" అని రాశారు. ఫోన్‌లో "మూగ" అని కొడితే యాప్ "డంబ్" అని చూపించిందట. లేబుల్ ఏదీ లేదు. "మా స్కూలు బోర్డు మీద కూడా ఇలాగే ఉంది సార్" అన్నారు.

ఇద్దరం కూర్చుని ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ తెరిచాం. "డంబ్"కు మూడు అర్థాలున్నాయి. "తెలివితక్కువ" అనే అర్థానికి ఇన్‌ఫార్మల్, ముఖ్యంగా అమెరికా వాడుక అని ఉంది. "మాట్లాడలేని" అనే అర్థానికి ఓల్డ్-ఫ్యాషన్డ్, సమ్‌టైమ్స్ అఫెన్సివ్ అని ఉంది. "ఆశ్చర్యంతో నోట మాట రాని" అనే అర్థానికి ఏ లేబులూ లేదు. మాట ఒకటే, హెచ్చరిక మాత్రం ఆవిడ వాడిన అర్థానికే ఉంది. అందుకే లేబుల్ ఎక్కడుందో చూడాలి. అర్థాలన్నిటికంటే పైన ఉంటే అన్నిటికీ వర్తిస్తుంది. నంబరు పక్కన ఉంటే ఆ ఒక్క అర్థానికే.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఇదే లెటరు అప్పటికే రెండు యూనివర్సిటీలకు పంపేశారు. కంగారు పడొద్దన్నాను, మన దగ్గర ఆ జంట పదం ఎంత మామూలో చెప్పాను. కానీ మూడోది దిద్దాల్సిందే. బధిర పిల్లల గురించి చదవడానికి వెళ్తూ వాళ్లను నొప్పించే మాటతో మొదలుపెట్టకూడదు.

"అయితే హియరింగ్ ఇంపెయిర్డ్ అని మర్యాదగా రాస్తాను" అన్నారు. డిక్షనరీ లేబుల్ ఎంతవరకు పనికొస్తుందో ఇక్కడ తెలుస్తుంది. చాలామంది బధిరులకు ఆ మాట కూడా నచ్చదు, తమలో ఏదో లోపం ఉందన్నట్టు ఉంటుంది కాబట్టి. అప్పుడు ఆ మనుషులు తమ సంఘానికి ఏం పేరు పెట్టుకున్నారో చూడాలి. వరల్డ్ ఫెడరేషన్ ఆఫ్ ది డెఫ్, మన దేశంలో ఆల్ ఇండియా ఫెడరేషన్ ఆఫ్ ది డెఫ్. "డెఫ్ చిల్డ్రన్" అని రాసి వదిలేశాం. ఆ పిల్లలు సైగల భాషలో గలగలా మాట్లాడుకుంటారని ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

అపోహ: సర్కారు కాగితంలో ఉంటే తప్పుండదు.

కాగితాలూ మారతాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ పేరులో "మెంటల్లీ హ్యాండిక్యాప్డ్" అని ఉండేది. ఇప్పుడు ఆ చోట "ఇంటలెక్చువల్ డిజబిలిటీస్" అని ఉంది. అమెరికా కేంద్ర చట్టాలు కొన్నిట్లో "మెంటల్ రిటార్డేషన్" అన్న మాటను 2010లో మార్చారు. మీ డిక్షనరీ అంతకు ముందు అచ్చయినదైతే, లేబుల్ లేనంత మాత్రాన మాట సేఫ్ అనుకోకండి.

అపోహ: డేటెడ్, ఆర్కాయిక్ ఒకటే.

కాదు. డేటెడ్ మాట పెద్దవాళ్ల నోట ఇంకా వినపడుతుంది. ఆర్కాయిక్ మాట మామూలు వాడుకలోంచే పోయింది.

అపోహ: స్లాంగ్ అంటే చెడ్డ మాటలు.

కాదు, ఒక గుంపు తమలో తాము వాడుకునే మాటలు. ఆ గుంపులో లేనివాళ్లు వాడితే అతకవు, అంతే.

అపోహ: ఫార్మల్ అంటే గౌరవం.

దీని దెబ్బ నేనూ తిన్నాను. లండన్‌లో ఉండే ఒక స్నేహితురాలి నాన్నగారు పోతే "సాడ్ డిమైజ్" అని రాసి పంపాను. తర్వాత డిక్షనరీ చూస్తే ఆ అర్థానికి "ఫార్మల్ ఆర్ హ్యూమరస్" అని ఉంది, అంటే లాంఛనంగానో నవ్వులాటకో వాడే మాట. పెద్దాయన కాలం చేస్తే "పోయారు" అంటాం, "చచ్చాడు" అనం. ఆ తేడా మనకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో వింటూ పెరిగాం. ఇంగ్లిష్‌లో అలా విని పెరగలేదు కనకే నాకు ఆ బ్రాకెట్టు కావాల్సి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. మళ్లీ రాశాను, "ఐ యామ్ సో సారీ యువర్ ఫాదర్ డైడ్" అని. గంటలోపే ఫోన్ చేసి, చాలాసేపు వాళ్ల నాన్న గురించి మాట్లాడింది.