ఎయిమ్ అసిస్ట్ మీ బదులు గురి పెట్టదు: కంట్రోలర్ ఆటగాళ్ల అపోహలు - వాస్తవాలు

"సెట్టింగ్‌లో ఎయిమ్ అసిస్ట్ ఆన్ చేశాను, అయినా పనిచేయట్లేదు. కంట్రోలర్ మార్చాలా?" కొత్తగా కంట్రోలర్ పట్టినవాళ్ల నోట ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. మార్చక్కర్లేదు. ఎయిమ్ అసిస్ట్ అంటే తుపాకీ ఆటల్లో కంట్రోలర్‌తో గురి పెట్టేవారికి ఆట చేసే సాయం. అది ఉండేది ఆటలో, కంట్రోలర్‌లో కాదు. ఎంత ఖరీదైన ప్యాడ్ కొన్నా అది రవ్వంత కూడా పెరగదు.

అపోహ: ఆన్ చేస్తే తెర మధ్యలోని గురి గుర్తు, అంటే క్రాస్‌హెయిర్, శత్రువుకు అతుక్కుని తిరుగుతుంది.

డబ్బూ ర్యాంకూ రెండూ పోగొట్టే అపోహ ఇది. ఎయిమ్ అసిస్ట్ అనే ఒక్క పేరు కింద నిజానికి మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. మొదటిది స్లోడౌన్: క్రాస్‌హెయిర్ శత్రువు చుట్టూ ఉన్న కనిపించని వలయంలోకి రాగానే మీ కుడి స్టిక్ వేగం తగ్గుతుంది. అది లాగదు, బ్రేక్ మాత్రమే వేస్తుంది. రెండోది రొటేషనల్: శత్రువు కదిలినా, మీరు పక్కకు నడిచినా, ఆ కదలికలో కొంత వాటా మేరకు ఆటే కెమెరాను తిప్పుతుంది. మూడోది స్నాప్: గురి పెట్టే ఎల్2 బటన్ నొక్కిన క్షణంలో దగ్గరి శత్రువు మీదకు గురి గెంతుతుంది. జీటీఏ 5లో Assisted Aim - Full పెడితే కనిపించేది ఇదే. పోటీ ఆటల్లో ఇతర ఆటగాళ్ల మీద స్నాప్ సాధారణంగా ఉండదు. స్టోరీ మోడ్‌లో దానికి అలవాటుపడి ఆన్‌లైన్‌కు వచ్చినవాళ్లే "పనిచేయట్లేదు" అనేది.

రొటేషనల్ ఎంతవరకు కాస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. శత్రువు సెకనుకు 5 మీటర్ల వేగంతో మీ ఎదుట అడ్డంగా కుడివైపు పరుగెడుతున్నాడు. సులువుగా ఉండటానికి ఆ ఆటలో రొటేషనల్ వాటా సగం అనుకుందాం. అంటే మిగతా సగం మీ బొటనవేలు తిప్పాలి. అతను హఠాత్తుగా ఎడమకు మళ్లాడు. అది కంటికి తెలిసి వేలు స్పందించడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఈలోపు అతను ఎడమకు 1 మీటరు వెళ్లిపోయాడు. అసిస్ట్ లేకపోతే మీ గురి పాత దిశలోనే ఇంకో మీటరు సాగి, తేడా 2 మీటర్లు అవుతుంది. అసిస్ట్ ఉంటే దాని సగం వెంటనే ఎడమకు లాగుతుంది, మీ సగం ఇంకా కుడికే తోస్తుంది. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని గురి ఉన్నచోటే ఆగుతుంది, తేడా 1 మీటరు. మనిషి ఒళ్లు అర మీటరు వెడల్పు. అంటే అసిస్ట్ ఉన్నా తూటా గాలిలోకే. పైగా ఈ లెక్క శత్రువు వలయంలోనే ఉన్నాడనుకుని వేసింది. మధ్యలో వలయం దాటిపోతే ఆ సాయమూ ఆగిపోతుంది.

ఎయిమ్ అసిస్ట్ కంట్రోలర్‌కు అన్యాయంగా పైచేయి ఇస్తోందనే మౌస్ ఆటగాళ్ల ఫిర్యాదులోనూ నిజముంది. మనిషికి 0.2 సెకను పట్టే చోట ఆటకు ఒకటి రెండు ఫ్రేములు చాలు. దగ్గరి పోరులో ఆ తేడా పెద్దదే. అపెక్స్ లెజెండ్స్‌లో 2024లో పీసీ లాబీల్లో కంట్రోలర్ అసిస్ట్ విలువను 0.4 నుంచి 0.3కి తగ్గించింది అందుకే. ఆ అంకె సాయం బలాన్ని చెబుతుంది. వందలో ముప్పై తూటాలు తగులుతాయని దాని అర్థం కాదు.

మీ ఆటలో ఏది ఉందో ప్రాక్టీస్ రేంజ్‌లో తేల్చుకోండి. కదలని బొమ్మ మీదుగా కుడి స్టిక్‌తో నెమ్మదిగా క్రాస్‌హెయిర్‌ను జరపండి. బొమ్మ దగ్గర బరువెక్కినట్టు అనిపిస్తే స్లోడౌన్ ఉంది. తర్వాత కుడి స్టిక్ వదిలేసి, ఎడమ స్టిక్‌తో పక్కకు నడవండి. కెమెరా దానంతటదే కాస్త బొమ్మవైపు తిరిగితే రొటేషనల్ ఉంది. తిరగకపోతే లేదని తేల్చేయకండి. కొన్ని ఆటల్లో కుడి స్టిక్ కూడా కదులుతుంటేనే అది మేల్కొంటుంది, కాబట్టి దాన్ని కొద్దిగా తోస్తూ మళ్లీ చూడండి. కొన్నిచోట్ల బొమ్మలకు అసిస్టే పెట్టరు. అప్పుడు బాట్ మ్యాచ్‌లో చూడాలి. రెండు స్టిక్‌లూ వదిలేసి నిలబడి కాల్చేవారికి చాలా ఆటల్లో రొటేషనల్ సాయం అందదు.

అపోహ: గురి దానంతటదే జరుగుతోందంటే అసిస్ట్ ఎక్కువైనట్టే.

ఖాళీ గోడ వైపు తిరిగి రెండు చేతులూ తీసేయండి. అప్పుడూ కెమెరా జరిగితే అది స్టిక్ డ్రిఫ్ట్. స్టిక్ ఎంత కదిలేవరకు ఆట పట్టించుకోదో ఆ హద్దే డెడ్‌జోన్. సెట్టింగ్‌లో కుడి డెడ్‌జోన్‌ను ఒక్కో అంకె పెంచుతూ, కెమెరా ఆగిన చోట ఆపండి. అక్కడి నుంచి ఇంకా పెంచితే సన్నని సవరణలు స్టిక్‌కు అందవు, ఆ నింద మళ్లీ అసిస్ట్ మీదకే వెళుతుంది. గోడ దగ్గర కదలకుండా, ఇద్దరు శత్రువులు ఒకరినొకరు దాటినప్పుడే గురి పక్కవాడి వెంట పోతే అది అసిస్టే. ఆ క్షణంలో కుడి స్టిక్‌ను గట్టిగా మీ శత్రువు వైపు తోయాలి.

అపోహ: కంట్రోలర్‌కూ ఆటకూ మధ్య తగిలించే క్రోనస్ లాంటి పరికరం పెడితే అసిస్ట్ రెట్టింపవుతుంది, ఎవరూ పట్టుకోరు.

రెట్టింపేమీ కాదు. అది మీ స్టిక్ బదులు తానే సంకేతాలు పంపుతుంది, అంతే. కాల్ ఆఫ్ డ్యూటీ వాళ్ల మోస నిరోధక వ్యవస్థ రికోషే 2023 నుంచి ఇలాంటి పరికరాలను గుర్తిస్తోంది. బ్యాన్ పడితే అకౌంటుతోపాటు కొన్న స్కిన్‌లూ పోతాయి.

అపోహ: తగలని తూటా తగిలిందంటే హ్యాక్.

హేలో లాంటి ఆటల్లో క్రాస్‌హెయిర్ అంచున కాల్చినా తూటాయే శత్రువువైపు కొద్దిగా వంగుతుంది. దీన్ని బుల్లెట్ మాగ్నెటిజం అంటారు. ఇది కెమెరాను కదపదు కాబట్టి ఆడేవాడికి తెలియదు, చచ్చినవాడికి మాత్రం అన్యాయంలా కనిపిస్తుంది.