ఫ్రెంచ్ ముక్కు శబ్దాలు, పలకని హల్లులు: అపోహలు - వాస్తవాలు

యానాంలో ఫ్రెంచ్ పాఠాలు చెబుతాను. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఊరు కాబట్టి ఆ భాష ఇక్కడివాళ్ల చెవికి కొత్త కాదు. ఉచ్చారణ దగ్గర మాత్రం కొన్ని అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: మనకు సున్న ఉంది కాబట్టి ఫ్రెంచ్ ముక్కు శబ్దాలు తేలికే.

చిక్కంతా ఆ సున్నతోనే. మన సున్న ఎప్పుడూ ఒక హల్లై కూర్చుంటుంది. ‘పంట’ అంటే నాలుక అంగిలికి తగులుతుంది, ‘పుస్తకం’ అంటే పెదాలు మూతపడతాయి. ఫ్రెంచ్‌లో ఈ రెండూ జరగకూడదు. నోరు తెరిచే ఉండాలి, గాలి నోట్లోంచి, ముక్కులోంచి ఒకేసారి రావాలి. మన పాత రాతలో ‘వాఁడు’ అని పెట్టిన అరసున్న దానికి సరైన గుర్తు.

మొన్న కోరంగి వైపు నుంచి వచ్చే కుర్రాడు ఒక మగమనిషి గురించి చెబుతూ ‘జాన్’ అన్నాడు. నాకు ఆడమనిషి పేరు వినిపించింది. మగ పేరు ‘జాఁ’, రాతలో చివర ఒక్క ఎన్. ఆడ పేరు ‘జాన్’, రెండు ఎన్‌లు, ఆపైన ఇ.

“నేనూ ముక్కుతోనే అన్నాను కదండీ మాస్టారూ” అన్నాడు.

“పావు కిలోలో ‘పావు’ అను. ఇప్పుడు ‘పాము’ని ఇంట్లో అన్నట్టు గబగబా అను” అన్నాను.

రెండోది ‘పాఁవు’ అని వచ్చింది. ముక్కు మూసుకుని మళ్లీ అనమన్నాను. మొదటిది మారలేదు, రెండోది మూసుకుపోయినట్టు వినిపించింది. అందులో ‘వు’ వదిలేసి ‘పాఁ’ని సాగదీయమన్నాను. నాలుకను కాస్త వెనక్కి లాగితే అదే ఫ్రెంచ్‌లో నెమలి. అక్కడి నుంచి ‘జాఁ’ రావడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

అపోహ: ఫ్రెంచ్‌లో చివరి హల్లు పలకనే పలకరు.

చాలా మాటల్లో పలకరు, నిజమే. చిన్నవాడు అనడానికి ‘పెతి’ అంటారు, రాతలో ఉన్న చివరి టి వినపడదు. చిన్నది అన్నప్పుడు టి తర్వాత ఇ చేరుతుంది. ఆ ఇ పలకరు గానీ దాని ముందున్న హల్లు బయటికొచ్చి ‘పెతిత్’ అవుతుంది. బస్సు, లైటు అనే అలవాటు కొద్దీ మనవాళ్లు ‘పెతితు’ అంటారు. నాలుకను పైపళ్లకు ఆనించి, గొంతు కలపకుండా ఒట్టి గాలితో వదిలేస్తే ఆ ‘ఉ’ రాదు. వేలు గొంతు మీద పెట్టుకుంటే తెలుస్తుంది, చివర అదురు ఉండకూడదు.

పలకని హల్లు పూర్తిగా పోయినట్టు కూడా కాదు. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే చాలాచోట్ల తిరిగి వస్తుంది. చిన్న పిల్లవాడు అనాలంటే ‘పెతి’ పక్కన ‘ఆఁఫాఁ’ చేరి ‘పెతితాఁఫాఁ’ అవుతుంది. మనవాళ్ల నోట ఇది ‘పెతితాంఫాం’ అయిపోతుంది. అద్దం ముందు ‘తాఁ’ అని ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే ‘ఫాఁ’ అనండి. ‘ఫ’ కోసం కింది పెదవి పైపళ్లకు తగలడం సరే. ఆఖరున పెదాలు రెండూ కలిశాయంటే సున్న మళ్లీ వచ్చేసినట్టే.