నీడ కొస నడక

మా అక్క వాళ్ళు బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఉంటారు. పోయినసారి వెళ్ళినప్పుడు, సెకండ్ పీయూసీ చదివే మా మేనకోడలు రాత్రి భోజనాలయ్యాక లెక్కల నోట్సు పట్టుకొచ్చింది. "మామయ్యా, నాకు 0.4 వచ్చింది, జవాబు మాత్రం 1.6 అట. ఎక్కడ తప్పానో చూడు" అంది.

లెక్క ఇది. దీపం 6 మీటర్ల ఎత్తులో ఉంది. 1.5 మీటర్ల పొడవున్న మనిషి స్తంభం నుంచి తిన్నగా దూరంగా, సెకనుకు 1.2 మీటర్ల చొప్పున నడుస్తున్నాడు. నీడ కొస ఎంత వేగంతో కదులుతుంది?

తను వేసిన మెట్లలో ఒక్కటీ తప్పు లేదు. స్తంభం మొదలు నుంచి మనిషి దూరం x, నీడ కొస దూరం s అనుకుంటే, నీడ పొడవు s − x. దీపం నుంచి తల మీదుగా నేలకు దిగే కిరణం రెండు సరూప త్రిభుజాలను ఇస్తుంది. పెద్ద త్రిభుజం ఎత్తు 6, చిన్నదాని ఎత్తు 1.5. కాబట్టి

s / 6 = (s − x) / 1.5

దీన్ని సర్దితే s = (4/3)x. నీడ పొడవేమో x/3. తను నీడ పొడవును అవకలనం చేసి 1.2లో మూడో వంతు, 0.4 అని రాసింది. అది నీడ సాగే వేగం. అడిగింది కొస వేగం, అంటే s మారే వేగం: 1.2 × 4/3 = 1.6.

ఈ పొరపాటును లెక్క తిరగేయకుండానే పట్టుకోవచ్చు. కొస సెకనుకు 0.4 మీటర్లే కదిలితే, 1.2తో నడిచే మనిషి కాసేపట్లో తన నీడను దాటి ముందుకెళ్ళిపోవాలి! దీపం వీపు వెనక ఉన్నంతసేపూ అది జరగదు. కొస మనిషితో పాటు 1.2 నడవాలి, పైగా నీడ సాగిన 0.4 కూడా కలుపుకోవాలి.

తనకు అది అర్థమైంది కానీ ఇంకొకటి మింగుడుపడలేదు. "దూరం వెళ్ళేకొద్దీ నీడ ఇంకా ఇంకా జోరుగా పరిగెత్తాలి కదా?" నాకూ ఆ వయసులో అలాగే అనిపించేది. సుద్దముక్క, టేపు తీసుకుని కిందికి దిగాం. మా పిల్ల పొడవూ ఒకటిన్నర మీటరే. స్తంభానికి 6 మీటర్ల దూరంలో నిలబెట్టి కొలిస్తే నీడ ఇంచుమించు 2 మీటర్లు వచ్చింది, కాబట్టి ఆ దీపం కూడా దాదాపు 6 మీటర్ల ఎత్తులోనే ఉందన్నమాట. తర్వాత 3, 6, 9 మీటర్ల దగ్గర నిలబెట్టి కొసల దగ్గర గీతలు గీశాను. దీపం ఒక చుక్క కాదు, పలక. అందుకని తల నీడ అంచు కాస్త మసకగా ఉండి గీతలు అటూఇటూ పోయాయి. అయినా 4, 8, 12 మీటర్లకు దగ్గరగానే పడ్డాయి. ప్రతి 3 మీటర్ల నడకకూ కొస 4 మీటర్లు జరిగింది, మొదట్లోనూ చివర్లోనూ అంతే. నీడ పొడవు పెరుగుతున్నా కొస వేగం మారదు. s, x ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి కాబట్టి, అవకలనం చేశాక x మిగలదు. ఆ నిష్పత్తి దీపం ఎత్తును బట్టి ఉంటుంది: దీపం 3 మీటర్లకు దిగితే కొస మనకు రెట్టింపు వేగంతో పోతుంది. నేల చదునుగా ఉండాలన్నది మాత్రం షరతు.

ఆ తర్వాతి సంగతి ఆ లెక్కలో లేదు, నాకు మాత్రం అదే అన్నిటికంటే ఇష్టం. రోడ్డు మీద మనం స్తంభం నుంచి తిన్నగా దూరం కావడం అరుదు. దీపం అవతలి పక్కన ఉంటుంది, మనం ఇవతలి ఫుట్‌పాత్ మీద దాన్ని దాటుకుంటూ పోతాం. నడిచే దారికీ స్తంభానికీ మధ్య 6 మీటర్లనుకుందాం. కొస ఎప్పుడూ స్తంభం నుంచి మన దూరానికి 4/3 వంతు దూరంలో, అదే దిక్కున ఉంటుంది. కాబట్టి మన పక్కనున్న ఖాళీ సైటులో, స్తంభానికి 8 మీటర్ల దూరంలో, మన దారికి సమాంతరంగా అది తన గీత గీసుకుంటుంది. దాని వేగం ఇప్పుడూ 1.6.

నీడ సాగే వేగం మాత్రం ఇక 0.4 కాదు. సరిగ్గా దీపానికి ఎదురుగా వచ్చిన క్షణాన నీడ 2 మీటర్లుంటుంది, అది పెరగదు, తరగదు. సాగే వేగం సున్నా. అక్కడి నుంచి 8 మీటర్లు ముందుకెళ్తే స్తంభం 10 మీటర్ల దూరంలో ఉంటుంది. మన నడకలో పదింట ఎనిమిది వంతులే స్తంభం నుంచి దూరం చేస్తుంది, అందువల్ల నీడ సెకనుకు 0.4 × 0.8 = 0.32 మీటర్లు సాగుతుంది. దీపాన్ని చేరడానికి 8 మీటర్ల ముందైతే అంతే వేగంతో కుంచించుకుపోతుంది.

"అయితే నడక వేగానికి సాగే వేగం కూడితే కొస వేగం వస్తుందన్నది ఇక్కడ పనికిరాదా?" అని అడిగింది. పనికిరాదు. ఎదురుగా ఉన్నప్పుడు 1.2కు సున్నా కలిపితే 1.6 రాదు కదా. ఆ క్షణాన నీడ పొడవు మారదు గానీ, నీడ స్తంభం చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతూ ఉంటుంది. కొసకు ఆ తిరుగుడు నుంచే మిగతా 0.4 వస్తుంది. తను రోడ్డు దాటి, దీపానికి ఎదురుగా నాలుగైదుసార్లు అటూఇటూ నడిచి, నీడ తిరిగిన చోట సుద్దతో చుక్కలు పెట్టుకుంది.